అరకిలో జీడిపప్పు ధరలో షిప్పింగ్‌ను ఎంత కలపాలి?

ప్రశ్న: మాది పలాస. ఇక్కడి పరిశ్రమలో గుండు పప్పు కొని, అరకిలో పౌచ్‌లలో నింపి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. పప్పు కిలో 900 రూపాయలు పడుతుంది. పౌచ్, లేబుల్, అట్టపెట్టె అన్నీ కలిపి ఒక ప్యాకు నాకు 480 అవుతుంది. జీఎస్టీ కాక 560కి అమ్ముతూ, షిప్పింగ్‌కు విడిగా 80 తీసుకుంటున్నాను. ఆ 80 చూసి చాలామంది కొనకుండానే వెళ్లిపోతున్నారు. అందుకని కొరియర్‌కు సగటున పడే 90 రూపాయలను ధరలో కలిపేసి ‘ఉచిత షిప్పింగ్’ అని పెడదామనుకుంటున్నాను. వంద ఆర్డర్లలో అరవై క్యాష్ ఆన్ డెలివరీవే, వాటిలో పన్నెండు దాకా తిరిగి వస్తున్నాయి. తొంభై కలిపితే సరిపోతుందా? ఆర్డర్లు ఉన్నా చేతిలో ఏమీ మిగలడం లేదెందుకు?
— ఒక పాఠకురాలు, పలాస

సమాధానం:

అమ్మా, తొంభై సరిపోదు. మీరు చెప్పిన వివరాలను బట్టి చూస్తే కలపవలసింది సుమారు 174 రూపాయలు. మీ రెండో ప్రశ్నకు కూడా జవాబు ఇందులోనే ఉంది.

తొంభై అన్నది పంపిన ఒక్కొక్క పార్సిల్‌కు కొరియర్ వారు వేసే సగటు బిల్లు. మీకు డబ్బు వచ్చేది మాత్రం పంపిన ప్రతి పార్సిల్ మీద కాదు, కొనుగోలుదారు చేతికి చేరి నిలిచిన పార్సిల్ మీదనే. తిరిగి వచ్చిన పన్నెండు ప్యాకుల రానుపోను ఖర్చు, వాటిలో పాడైన సరుకు విలువ, డబ్బు వసూలు చేసిపెట్టినందుకు కొరియర్ తీసుకునే రుసుము ఇవన్నీ చేరిన పార్సిళ్లే మోయాలి. అందువల్ల ఒక్క ప్యాకు ఖర్చుతో మొదలుపెట్టకుండా, వంద ఆర్డర్ల మొత్తం ఖర్చును ముందు కూడి, దానిని చేరిన ఆర్డర్ల సంఖ్యతో భాగించడమే సరైన పద్ధతి.

లెక్కలోకి దిగే ముందు పన్ను సంగతి ఒక్క మాటలో తేల్చుకుందాం. మీరు హైదరాబాదుకు, బెంగళూరుకు, అంటే రాష్ట్రం దాటి సరుకు పంపుతుంటే అమ్మకం ఎంత చిన్నదైనా జీఎస్టీ నమోదు ఉండవలసిందే, మీకు అది ఉన్నదనే అనుకుంటున్నాను. అప్పుడు కొరియర్ బిల్లు మీద పడే 18 శాతం పన్ను, పప్పు కొన్నప్పుడు కట్టిన పన్ను మీకు జమగా తిరిగి వస్తాయి. కాబట్టి ఈ కింది ఖర్చులన్నిటినీ పన్ను లేకుండా వేసి, జీడిపప్పు మీద ఉన్న 5 శాతాన్ని చివరలో ఒక్కసారే కలుపుతాను. కొరియర్ బిల్లులో అడుగున ఉన్న మొత్తాన్ని, అంటే పన్నుతో సహా ఉన్న అంకెను, పొరపాటున ఈ లెక్కలోకి తీసుకోకండి.

ఇప్పుడు వంద ఆర్డర్లు పంపారనుకుందాం. మన రాష్ట్రంలోపలికి వెళ్లే 40 పార్సిళ్లకు 75 చొప్పున 3,000, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడుకు వెళ్లే 40 పార్సిళ్లకు 90 చొప్పున 3,600, ముంబై, ఢిల్లీ వైపు వెళ్లే 20 పార్సిళ్లకు 120 చొప్పున 2,400, మొత్తం 9,000 రూపాయలు. మీరు చెప్పిన సగటు 90కి ఇది సరిపోతుంది. మీ బిల్లుల్లో ప్రాంతాల వాటా వేరుగా ఉంటే ఆ అంకెలే వేసుకోండి, పద్ధతి మారదు.

క్యాష్ ఆన్ డెలివరీ కింద పంపిన 60లో 12 తిరిగి వచ్చాయి. తిరుగు ప్రయాణానికి కూడా కొరియర్ వారు ఛార్జీ వేస్తారు. చాలా ఒప్పందాలలో అది పోయేటప్పటి ఛార్జీకి సమానంగానో, కాస్త తక్కువగానో ఉంటుంది. సమానమనే అనుకుంటే 12 పార్సిళ్లకు 1,080. ఇక చేరిన 48 పార్సిళ్ల మీద డబ్బు వసూలు చేసినందుకు ఒక్కొక్కదానికి 40 చొప్పున 1,920. పార్సిల్ తిరిగి వచ్చినప్పుడు ఈ వసూలు రుసుమును కొందరు వెనక్కి జమ చేస్తారు, కొందరు చేయరు. జమ చేస్తారనే ఇక్కడ లెక్క వేశాను, మీ కొరియర్ చేయకపోతే మరో 480 కలపాలి. నెలవారీ స్టేట్‌మెంట్‌లో తిరిగి వచ్చిన ఒక పార్సిల్ నంబరు పట్టుకుని, ఆ నంబరు మీద ఎన్ని ఎంట్రీలు పడ్డాయో వరుసగా చూస్తే ఇది అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

ముందుగా డబ్బు కట్టిన 40 ఆర్డర్ల మీద పేమెంట్ గేట్‌వే వారు 2 శాతం తీసుకుంటారనుకుందాం. బిల్లు 700 చుట్టుపక్కల ఉంటుంది కనుక ఒక్కొక్కదానికి 14 చొప్పున 560. డబ్బు కట్టినవారి పార్సిల్ తిరిగి రావడం అరుదు, అందుకని దానిని సున్నాగానే తీసుకున్నాను.

తరువాతిది చాలామంది పుస్తకంలో రాయనే రాయని ఖర్చు. తిరిగి వచ్చిన 12 ప్యాకుల్లో ఏ ఒక్కటీ మీరు పంపినప్పటిలాగా ఉండదు. అట్టపెట్టె నలిగి, టేపు మీద టేపు పడి, మీద రెండు మూడు స్టిక్కర్లతో వస్తుంది. కాబట్టి 12 పెట్టెలూ మార్చాలి, 16 చొప్పున 192. లోపలి పౌచ్‌లను ఒక్కొక్కటిగా వెలుతురులో పట్టుకుని సీలు దగ్గర వేళ్లతో నొక్కి చూడండి. గాలి ఏ కొంచెం బయటికి పోతున్నా లోపలికి చెమ్మ చేరిందన్నమాటే. మన తీరప్రాంతపు గాలిలో మూడు వారాలు లారీల్లో, గోదాముల్లో తిరిగిన పప్పు మెత్తబడుతుంది, దానిని మళ్లీ నింపి ఇంకొకరికి పంపడం తగదు. పన్నెండులో మూడు అలా పోయాయనుకుంటే, పప్పు, పౌచ్ కలిపి 464 చొప్పున 1,392. ఇది కాక, చేరిన పార్సిళ్లలోనూ ఒకటి రెండు పగిలి అందాయని ఫొటోలు వస్తాయి. తినే వస్తువును వెనక్కి తెప్పించుకోవడంలో అర్థం లేదు కనుక కొత్త ప్యాకు పంపవలసిందే. అటువంటివి రెండు అనుకుంటే 480కి 90 కలిపి 570 చొప్పున 1,140.

మొత్తం కూడదాం. 9,000, 1,080, 1,920, 560, 192, 1,392, 1,140 కలిపితే 15,284 రూపాయలు. చేరిన పార్సిళ్లు 88. భాగిస్తే 173 రూపాయల 68 పైసలు, అంటే 174.

మీ ఖర్చు 480, 560కి అమ్మేటప్పుడు మీరు కోరుకునే మిగులు 80, ఈ 174 కలిపితే 734. దాని మీద 5 శాతం పన్నుతో 770 రూపాయల 70 పైసలు. అంటే అరకిలో ప్యాకుకు ఉచిత షిప్పింగ్ ధర 770 దగ్గర ఉండాలి. మీరు అనుకున్నట్టు తొంభై మాత్రమే కలిపి, పన్ను కాక 650కి అమ్మితే, కోరుకున్న 80 మిగలకపోగా చేరిన ప్రతి ప్యాకు మీద మూడు నాలుగు రూపాయలు ఎదురు పెట్టుకుంటారు. ఇప్పుడు విడిగా 80 తీసుకుంటున్న పద్ధతిలోనైతే ఆ నష్టం పదమూడు, పద్నాలుగు రూపాయలు. క్యాష్ ఆన్ డెలివరీ డబ్బు కొరియర్ నుంచి కొన్ని రోజులు ఆగి, ఆ వారపు ఛార్జీలు కోసుకుని ఒకే మొత్తంగా బ్యాంకులో పడుతుంది కనుక, ఏ ప్యాకు మీద ఎంత పోయిందో ఖాతా చూసినంత మాత్రాన కనబడదు.

ఇక 770 పెట్టి ఊరుకోవచ్చునా అంటే, నేను ఊరుకోమనను. ఆ 174 సగటు అంకె, దాని వెనుక ఒకదానికొకటి పోలికలేని రెండు రకాల ఆర్డర్లున్నాయి. ముందుగా డబ్బు కట్టినవారికి పార్సిల్ చేర్చడానికి మీకయ్యేది కొరియర్ 90, గేట్‌వే 14, పగిలిన ప్యాకుల వాటా 13, మొత్తం 117. క్యాష్ ఆన్ డెలివరీలో చేరిన ఒక్కొక్క పార్సిల్‌కు అదే లెక్క వేస్తే 221 తేలుతుంది, ఎందుకంటే 60 పంపితే 48 మాత్రమే నిలిచి, తిరిగి వచ్చిన వాటి బరువంతా వాటి మీదనే పడుతుంది. ఒకే ధర పెట్టినప్పుడు, ముందుగా డబ్బు కట్టిన మంచి ఖాతాదారు, తలుపు తీయని ఇంకెవరి ప్యాకు ఖర్చులోనో యాభైకి పైగా మోస్తున్నారు.

దీనికి అందరూ చేసేది ముందుగా కట్టినవారికి తగ్గింపు ఇవ్వడం. అది మంచిదే కాని ఎంత ఇస్తున్నారన్నది చూసుకోవాలి. తగ్గింపు చూసి కొందరు మారి, 60 మంది ముందుగా కట్టి, 40 మంది మాత్రమే క్యాష్ ఆన్ డెలివరీ ఎంచుకున్నారనుకోండి. అదే నిష్పత్తిలో 8 తిరిగి వస్తాయి, పాడయ్యే ప్యాకులు రెండుకు తగ్గుతాయి, చేరేవి 92 అవుతాయి. పైన వేసినట్టే అన్నీ కూడితే 14,036, ఒక్కొక్కదానికి సుమారు 153. అంటే మీకు మిగిలింది ప్యాకుకు 21 రూపాయలు. ఈ మిగులును ఆ 60 మందికి పంచితే, పన్నుతో కలిపి ఒక్కొక్కరికి 34 దాటి ఇవ్వడానికి వీలులేదు. కనుక 30 రూపాయల తగ్గింపు మీకు గిట్టుతుంది, 50 అయితే గిట్టదు. పైగా ఆ ఇరవై మంది మారితేనే ఈ మాట. ఎవరూ మారకపోతే, ఎలాగూ ముందుగా కట్టే పాత నలభై మందికి ఊరికే డబ్బు పంచినట్టవుతుంది. ఒక నెల పెట్టి చూసి, మారినవారి సంఖ్య చూశాకనే కొనసాగించండి.

క్యాష్ ఆన్ డెలివరీకి విడిగా 40 వసూలు చేయడం ఇంకో దారి. అలా చేసేటట్లయితే ఆ మాట సరుకు పేజీలోనే, ధర పక్కనే ఉండాలి. ధర ఒకటి చూపించి చివరి మెట్టులో రుసుము బయటపెట్టడాన్ని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు తప్పుడు పద్ధతుల్లో చేర్చాయి. అది అటుంచినా, చివరి మెట్టులో కనబడిన ఎనభై చూసే కదా మీ కొనుగోలుదారులు వెళ్లిపోతున్నది.

అసలు మార్పు చేయవలసిన చోటు మాత్రం ధర కాదు, ప్యాకు బరువు. మీ 90 రూపాయల సగటు ఎందుకు అంత ఉందో ఒకసారి ఆలోచించండి. కొరియర్ ఛార్జీ అరకిలో శ్లాబుల్లో ఉంటుంది. పప్పు 500 గ్రాములు, పౌచ్ 15, అట్టపెట్టె, టేపు కలిసి 70 అనుకుంటే పార్సిల్ 585 గ్రాములు తూగుతుంది. అరకిలో దాటింది కనుక కిలో శ్లాబు పడుతుంది. ఆ ఎనభై అయిదు గ్రాముల కోసం మీరు ప్రతిసారీ రెండో అరకిలోకు కూడా డబ్బు కట్టి, దానిని ఖాళీగా పంపుతున్నారు.

ఆ కిలోను నింపండి. 400 గ్రాముల పౌచ్‌లు రెండు ఒక పెట్టెలో పెడితే పప్పు 800, పౌచ్‌లు 30, పెట్టె 90, మొత్తం 920 గ్రాములు. కొరియర్ అదే 90. రెండు 450 గ్రాముల పౌచ్‌లు పెట్టడానికి ఆశపడకండి. అప్పుడు పార్సిల్ 1,020 గ్రాములై, కిలో దాటి కిలోన్నర శ్లాబులో పడిపోతారు. పెట్టె కొలత కూడా చూసుకోవాలి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చే కిలోలు అసలు బరువు కంటే ఎక్కువైతే ఆ లెక్క ప్రకారమే ఛార్జీ వేస్తారు. 25, 18, 10 కొలతల పెట్టె 0.9 కిలో అవుతుంది, అది సరిపోతుంది. అదే సరుకును చేతికందిన 30, 20, 12 పెట్టెలో పెడితే 1.44 కిలోలై పై శ్లాబుకు పోతుంది. పార్సిల్ కాటా మీద ఉండగా, కొలిచే టేపు పక్కన ఉండగా ఫొటో తీసి దాచుకుంటే, బరువు ఎక్కువ వేసినప్పుడు అభ్యంతరం చెప్పడానికి ఆధారం ఉంటుంది.

ఈ జంట ప్యాకుకు మీ ఖర్చు పప్పు 720, పౌచ్‌లు 28, పెట్టె 20, మొత్తం 768. అవే 100 ఆర్డర్లు, అవే 12 వాపసులు అనుకుంటే పోయే ఖర్చు 9,000, రాను 1,080, వసూలు రుసుము 1,920 మారవు. బిల్లు పెరిగినందుకు గేట్‌వే 920 అవుతుంది, వాపసులో మారిన పెట్టెలు, పాడైన మూడు ప్యాకులు కలిపి 2,484, మళ్లీ పంపిన రెండు ప్యాకులు 1,716. మొత్తం 17,120, దానిని 88తో భాగిస్తే 195. అంకె పెద్దదిగా కనబడుతుంది గాని ఇది 800 గ్రాముల మీద పడే ఖర్చు. అరకిలోకు లెక్కిస్తే 122 మాత్రమే, ఇందాకటి 174తో పోల్చి చూడండి. గ్రాముకు అదే మిగులు ఉంచి 128 వేసుకుంటే 768, 128, 195 కలిపి 1,091, పన్నుతో 1,145. కొనేవారికి కిలో 1,431 చొప్పున పడుతుంది, అరకిలో ప్యాకు 770కి కొంటే కిలో 1,540 పడేది. మీ మిగులు ఏమీ తగ్గకుండానే వారికి కిలో మీద నూరు రూపాయలకు పైగా కలిసివస్తుంది. వసూలు రుసుము 40 రూపాయలు ప్యాకు చిన్నదైనా పెద్దదైనా ఒకటే కావడం కూడా ఇందుకు తోడ్పడుతుంది. సాధారణంగా ఆ రుసుమును ‘40 లేదా బిల్లులో 2 శాతం, ఏది ఎక్కువైతే అది’ అని రాస్తారు కనుక, అక్కడ శాతం మొదలయ్యేది బిల్లు 2,000 దాటాకే.

రుచి చూడడానికి చిన్న ప్యాకు అడిగేవారికి ఒక్క 400 గ్రాముల పౌచ్‌ను సన్నని పెట్టెలో పెట్టి అరకిలో శ్లాబులో పంపవచ్చు. దానిని ముందుగా డబ్బు కట్టినవారికి మాత్రమే ఇవ్వమని నా సలహా. అంత చిన్న బిల్లు మీద వసూలు రుసుము, తిరుగు ఖర్చు రెండూ పడితే ఏమీ మిగలదు.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. షిప్పింగ్‌ను ధరలో కలిపినప్పుడు ఆ మొత్తం అంతా సరుకు ధరే అవుతుంది, అది పౌచ్ మీద అచ్చువేసిన ఎమ్మార్పీని దాటకూడదు. ఒకవేళ మీరు కాశీబుగ్గ దుకాణాలకు కూడా ఇస్తుంటే, ఆ అరకిలో పౌచ్ మీద 620 అని ఉంటే, అదే పౌచ్‌ను ఆన్‌లైన్‌లో 770కి అమ్మడం తూనికలు కొలతల చట్టం ప్రకారం నేరం. షిప్పింగ్ విడిగా ఉన్నన్నాళ్లూ ఈ చిక్కు మీకు ఎదురుకాలేదు. ఒకే పౌచ్ మీద రెండు రకాల ఎమ్మార్పీలు వేయడం కూడా కుదరదు. ఆన్‌లైన్‌కు 400 గ్రాములు, దుకాణాలకు 500 గ్రాములు అని విడదీస్తే రెండూ వేర్వేరు ప్యాకులవుతాయి, దేని ఎమ్మార్పీ దానికి ఉంటుంది.

పై లెక్కలో మీ చేతిలో లేనిది వాపసు శాతం, అది అటూ ఇటూ అయితే ధర నిలవదు. అరకిలో ప్యాకు లెక్కలోనే, క్యాష్ ఆన్ డెలివరీలో 12కు బదులు 18 తిరిగి వస్తే కలపవలసింది 200 అవుతుంది, 6 మాత్రమే వస్తే 151కి దిగుతుంది. పార్సిల్ కట్టేముందు ఫోను చేసి, పేరు, ఇంటి గుర్తు, ఆ రోజుల్లో ఊళ్లో ఉంటారా అన్నది అడిగి, రెండుసార్లు ఫోను ఎత్తనివారి ఆర్డరును పక్కన పెట్టడం ఈ అంకెను తగ్గించడానికి అన్నిటికంటే చౌకైన పని. శాతాన్ని లెక్కించేటప్పుడు ఈ నెల పంపినవాటిని, ఈ నెల తిరిగి వచ్చినవాటిని పోల్చకండి. ఈ నెల తిరిగి వచ్చినవి చాలావరకు పోయిన నెల పంపినవి. దసరాకో సంక్రాంతికో అమ్మకాలు ఒక్కసారిగా పెరిగిన నెలలో అలా పోలిస్తే వాపసులు తగ్గినట్టు కనబడి, మరుసటి నెల గుండె గుభేలుమంటుంది. పంపిన తేదీని బట్టి వంద పార్సిళ్లు తీసుకుని, వాటిలో ప్రతి ఒక్కటీ చేరిందో, తిరిగి వచ్చిందో తేలేవరకు ఆగి, అప్పుడు లెక్కపెట్టండి.

పుస్తకంలో పప్పు ఖర్చును, ఈ షిప్పింగ్ వాటాను వేర్వేరు పేజీల్లో రాసుకోండి. పప్పు ధర మారినప్పుడు మొదటి పేజీ దిద్దితే చాలు. కొరియర్ వారు రేట్లు మార్చినప్పుడో, పంపిన వందలో వాపసులు పదిహేను దాటినప్పుడో రెండో పేజీని మళ్లీ మొదటి నుంచి వేయాలి.